ఏపీఐ రెన్యువల్ ఫీజు: ఖర్చుగా చూపిస్తే లాభమా, నష్టమా?

ఈ వారం వచ్చిన ప్రశ్న: "నేను వైజాగ్‌లో ఫ్రీలాన్స్ పైపింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఏపీఐ 570 సర్టిఫికెట్ రెన్యువల్ ఫీజు ఖర్చు కింద రాసుకోవచ్చా? ఏ కాగితాలు దాచాలి?"

రాసుకోవచ్చండి. కానీ రాసుకోవడం వల్ల మీకు నష్టం కూడా రావచ్చు. అందుకే ముందు లెక్క చూద్దాం.

2025-26లో మీ రసీదులు, అంటే క్లయింట్ల నుంచి వచ్చిన మొత్తం, 18 లక్షలు అనుకుందాం. రెన్యువల్ ఫీజు, కోచింగ్ కలిపి 60 వేలు. సైట్లకు తిరగడం, థిక్‌నెస్ గేజ్ కాలిబ్రేషన్, ఇన్సూరెన్స్ వగైరా 4 లక్షల 40 వేలు. మొత్తం ఖర్చు 5 లక్షలు, మిగిలింది 13 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో దీని మీద సెస్‌తో కలిపి 78 వేలు కట్టాలి.

ఇంజినీరింగ్ వృత్తికి సెక్షన్ 44ఏడీఏ ఉంది. అందులో రసీదుల్లో సగం, అంటే 9 లక్షలు ఆదాయంగా చూపిస్తే చాలు. అప్పుడు రిబేటు వర్తించి పన్ను సున్నా. ఆ మిగతా సగంలోనే మీ ఖర్చులన్నీ కలిసిపోయినట్టు చట్టం లెక్క, ఫీజుతో సహా. దాన్ని మళ్ళీ విడిగా తీసెయ్యకూడదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: ఐటీఆర్ 4లో సగం చూపించి, ఆ సగంలోంచి ఫీజు కూడా తగ్గిస్తారు.

మరి ఫీజు విడిగా ఎవరికి పనికొస్తుంది? అసలు ఖర్చులు రసీదుల్లో సగం దాటినవాళ్ళకి, లేదా రసీదులు 50 లక్షలు దాటి 44ఏడీఏకి వీల్లేనివాళ్ళకి. నగదు రసీదులు 5 శాతం మించకపోతే ఆ హద్దు 75 లక్షలు. వీళ్ళు ఐటీఆర్ 3 వేసి, సెక్షన్ 37 కింద ఖర్చు తీసుకోవాలి. కొత్త పన్ను విధానంలో డిడక్షన్లేవీ ఉండవని భయపడకండి, పోయినవి 80సీ లాంటివి. వృత్తి ఖర్చులు అలాగే ఉన్నాయి. ఒక్క మాట గుర్తుంచుకోండి: 44ఏడీఏకి అర్హత ఉండి సగం కంటే తక్కువ లాభం చూపిస్తే పుస్తకాలు రాయాలి, ఆదాయం కనీస పన్ను పరిమితి దాటితే ఆడిట్ కూడా చేయించాలి. ఖర్చు సగాన్ని ఏ పది వేలో దాటితే, ఆదా అయ్యే పన్ను కన్నా ఆడిటర్ ఫీజే ఎక్కువవుతుంది.

సెక్షన్ 37 ముఖ్యంగా అడిగేది ఇది: ఈ ఖర్చు పూర్తిగా వృత్తి కోసమేనా? చేస్తున్న పనిలోనే రెన్యువల్ కాబట్టి మీది గట్టి కేసు. పరీక్ష తప్పినా ఖర్చు ఖర్చే, ఫలితంతో పనిలేదు. అదే, ఇంకా ప్రాక్టీసు మొదలుపెట్టని కుర్రాడు కట్టిన మొదటి ఫీజైతే నిలబడదు. వేరే రంగంలోకి వెళ్ళడానికి చదివే ఎంబీఏ కూడా అంతే.

అందుకే కాగితాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది రసీదు కాదు, క్లయింట్ వర్క్ ఆర్డర్. అందులో "ఏపీఐ 570 సర్టిఫైడ్ ఇన్‌స్పెక్టర్ ఉండాలి" అన్న లైను ఉంటే ఫీజుకీ ఆదాయానికీ ముడి అక్కడే పడిపోతుంది. దాని వెనక మీ పేరు మీద ఉన్న ఇన్‌వాయిస్ పెట్టండి. డాలర్లలో కట్టారు కాబట్టి కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ పేజీ కూడా జత చెయ్యండి. బ్యాంకు కోసుకున్న రూపాయలు, కింద విడిగా పడే ఫారెక్స్ మార్కప్, దాని మీద జీఎస్టీ ఆ పేజీలోనే కనిపిస్తాయి. పుస్తకంలో ఎక్కాల్సింది ఆ రూపాయలే, గూగుల్‌లో చూసిన రేటు కాదు. స్నేహితుడి కార్డుతో కడితే, అతనికి మీరు తిరిగి పంపిన బదిలీ కూడా జత చెయ్యాలి. ఏపీఐ పోర్టల్‌లో ఉంటాయిలే అనుకోకండి, లాగిన్ పోతే రసీదూ పోతుంది. కట్టిన రోజే పీడీఎఫ్ దించుకోండి.

కోచింగ్ ఫీజు దగ్గర ఇంకో గుంట ఉంది. ద్వారకానగర్‌లో ఏదో ఇన్‌స్టిట్యూట్‌కి ఒకే రోజు 25 వేలు నగదు కట్టారనుకోండి. ఒకరికి ఒక రోజులో 10 వేలు దాటిన నగదు చెల్లింపు సెక్షన్ 40ఏ(3) కింద మొత్తం కొట్టేస్తారు, పైనున్న 15 వేలు మాత్రమే కాదు. యూపీఐ చేస్తే ఈ గొడవే లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే, ఆ జీఎస్టీ మొత్తాన్ని ఖర్చులో మళ్ళీ కలపకండి. మీరు కట్టిన ఫీజును క్లయింట్ తిరిగి ఇచ్చేస్తే, ఆ డబ్బును రసీదుల్లో చూపించకుండా ఖర్చు రాసుకోకూడదు.

ఈ ఫైలు అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఆరేళ్ళు ఉంచాలి. 2025-26 ఖర్చుకి అసెస్‌మెంట్ సంవత్సరం 2027 మార్చి 31తో ముగుస్తుంది, అంటే 2033 మార్చి 31 దాకా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి, ఆ తర్వాత కట్టిన ఫీజుల గురించి మీ ఆడిటర్‌తో మాట్లాడేటప్పుడు పాత నంబర్లు చెప్పి తికమక పడకండి.