స్టేట్ సిలబస్ టీచరు, ఐబీ దరఖాస్తు: పైన ఉండే ఐదు వాక్యాలు

అందరికీ నమస్కారం.

నేను లెక్కల టీచర్‌ని. చాలా ఏళ్లు స్టేట్ సిలబస్ చెప్పాను. తర్వాత సీబీఎస్ఈ, ఇప్పుడు ఐబీ అనే అంతర్జాతీయ కరిక్యులమ్‌లో పదకొండు నుంచి పదహారేళ్ల పిల్లల ప్రోగ్రామ్ ఎంవైపీ చెబుతున్నాను. మా స్కూల్లో లెక్కల పోస్టు ఖాళీ అయినప్పుడు దరఖాస్తులు చదివే ముగ్గురిలో నేనూ ఒకడిని. ఈరోజు రెజ్యూమె మొత్తం గురించి మాట్లాడను. పేరు కింద నాలుగైదు వాక్యాల్లో ఉండే సమ్మరీ గురించే మాట్లాడతాను. మన టీచర్లు ఎక్కువగా నష్టపోతున్నది అక్కడే.

ఒక టీచరమ్మ నాకు పంపిన సమ్మరీ చదువుతాను. రాసింది ఇంగ్లీషులో, నేను తెలుగులో చెబుతున్నాను. "గణితంలో తొమ్మిదేళ్ల అనుభవం. కష్టపడి పనిచేసే స్వభావం. పిల్లలంటే ఇష్టం. వందశాతం ఫలితాలు. ఏ కరిక్యులమ్‌కైనా త్వరగా అలవాటు పడగలను. ఐబీ విధానంపై అవగాహన ఉంది."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా వేరే దేశంలో కూర్చుని చదివే కోఆర్డినేటర్‌కి కావలసిన సమాచారం దాదాపు ఏమీ లేదు. ఏ వయసు పిల్లలకు చెప్పారు? పాఠం ఏ సిలబస్? మార్కులు ఎవరు వేశారు, దేని ఆధారంగా వేశారు? ఇవి తెలియకపోతే ఆయన ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తాడు. "ఎస్ఎస్‌సీ" అని రాస్తే అది ఏమిటో ఆయనకు తెలియకపోవచ్చు. "పదిహేను, పదహారేళ్ల పిల్లలు రాసే రాష్ట్ర బోర్డు పరీక్ష" అంటే తెలుస్తుంది. తరగతి పేరు కన్నా వయసు రాయడం మంచిది, ఎందుకంటే మన పదో తరగతిని బ్రిటిష్ స్కూళ్లలో ఇయర్ 11 అంటారు, ఎంవైపీలో ఐదో సంవత్సరం అంటారు.

"ఏ కరిక్యులమ్‌కైనా అలవాటు పడగలను" అనే మాట నేను కూడా రాశాను. మొదటి ఇంటర్వ్యూలో ఆ వాక్యం మీదే ప్రశ్న వచ్చింది: "ఇంతకు ముందు మీకు తెలియని పద్ధతికి మారినప్పుడు మొదటి నెలలో ఏం చేశారు?" నా దగ్గర జవాబు లేదు. మారలేదని కాదు. మారాను, కానీ ఆ పనిని ఎప్పుడూ విడిగా చూసుకోలేదు. అందుకే ఆ టీచరమ్మను నేను మొదట అడిగిందీ అదే: "మీరు ఇప్పటికే ఒకసారి మారారు కదమ్మా, ఎలా మారారో చెప్పండి."

ఆవిడ ఐదేళ్లు తెలంగాణలో స్టేట్ సిలబస్ చెప్పి, 2019లో ఒక సీబీఎస్ఈ స్కూల్లో చేరింది. సీబీఎస్ఈ పదో తరగతి లెక్కల్లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లు తెచ్చిన ఏడాది అది. సిలబస్ ఒకటే, పరీక్ష స్థాయే వేరు. బేసిక్ రాస్తే పిల్లవాడి దారి మూసుకుపోతుందేమోనని తల్లిదండ్రులకు భయం. ఆవిడ సగం ఏడాది అయ్యేసరికి పిల్లల తప్పులను అధ్యాయాల వారీగా ఒక పట్టికలో పెట్టి, ఎవరికి ఏ పేపర్ సరిపోతుందో తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడింది. ఈ సంగతి రెజ్యూమెలో ఎక్కడా లేదు. "అది మామూలు పనే కదా సార్" అంది. కేంబ్రిడ్జ్ బోర్డు వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈలో కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు స్థాయులు ఉంటాయి. అక్కడ సిలబస్ కూడా తేడాగా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అని చెప్పలేం. కానీ ఏ పిల్లవాడిని ఏ స్థాయిలో కూర్చోబెట్టాలి అనే నిర్ణయం, తల్లిదండ్రులతో ఆ మాట మాట్లాడటం రెండు చోట్లా ఉండేవే.

ఇప్పుడు ఆవిడ దాచిన ఐదేళ్ల గురించి. చాలామంది స్టేట్ సిలబస్ అనుభవాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నామోషీ అనుకుంటారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. మన తెలుగు రాష్ట్రాల లెక్కల బోధనలో "విద్యా ప్రమాణాలు" అని ఉన్నాయి, మీలో చాలామంది ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు వాటికి వెయిటేజీ పట్టిక కూడా వేసి ఉంటారు. సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణ, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యం. ఇప్పుడు ఎంవైపీ లెక్కల్లో పిల్లల పనిని చూసే నాలుగు క్రైటీరియాలు వినండి. ఎ అంటే తెలుసుకోవడం, అర్థం చేసుకోవడం. బి అంటే నమూనాలను పరిశోధించడం. సి అంటే వ్యక్తపరచడం. డి అంటే నిజజీవిత సందర్భాల్లో గణితాన్ని వాడటం. వ్యక్తపరచడం రెండిట్లోనూ ఉంది. మన అనుసంధానం డి దగ్గరకు వస్తుంది. కారణాలు చెప్పడం బిలో పెద్ద భాగం.

పేర్లు కలిశాయి కదా అని రెండూ ఒకటే అని రాస్తే మాత్రం ఇంటర్వ్యూలో దొరికిపోతారు. అసలు తేడా మార్కు వేసే తీరులో ఉంది. మనం ప్రశ్నకు ఇన్ని మార్కులని పెట్టి కూడుతాం. ఎంవైపీలో ప్రతి క్రైటీరియన్‌కు 0 నుంచి 8 వరకు స్థాయులు ఉంటాయి, ప్రతి స్థాయికీ వర్ణన ఉంటుంది. పిల్లవాడి పని ఏ వర్ణనకు బాగా సరిపోతుందో టీచరు నిర్ణయించాలి. ఏడాది చివర నాలుగు క్రైటీరియాల స్థాయులు కలిపి 32కి లెక్కగట్టి, దాన్ని 1 నుంచి 7 వరకు ఉండే గ్రేడ్‌గా మారుస్తారు. శాతం అనే మాట ఎక్కడా రాదు.

ఆవిడ దగ్గర స్టేట్ సిలబస్ రోజుల్లోని పిల్లల ప్రాజెక్టు పనుల ఫోటోలు ఉన్నాయి. అగ్గిపుల్లలతో పక్కపక్కన చతురస్రాలు పేర్చే పని. ఒక చతురస్రానికి 4 పుల్లలు, రెండిటికి 7, మూడిటికి 10. సూత్రం 3n + 1. అప్పట్లో ఫార్మేటివ్‌లో ప్రాజెక్టుకు 5 మార్కులు. సూత్రం సరిగ్గా రాసి, పట్టిక శుభ్రంగా గీసినవాళ్లకి 5 వేసేసింది. నేను పది పనులు ఎంచుకుని, పిల్లల పేర్లు కనిపించకుండా చేసి, క్రైటీరియన్ బి ప్రకారం మళ్లీ చూడమన్నాను. ఈ క్రైటీరియాల కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు, చాలా ఎంవైపీ స్కూళ్లు తల్లిదండ్రుల కోసం వాటిని వెబ్‌సైట్లో పెడతాయి.

అప్పుడు ఆవిడకు విషయం తెలిసింది. సూత్రం కనిపెట్టి, పట్టికలో లేని ఇంకో సంఖ్యకు, ఉదాహరణకు పది చతురస్రాలకు 31 పుల్లలు వస్తాయో లేదో పేర్చి చూసిన పిల్లవాడు 5–6 స్థాయి దగ్గర ఆగుతాడు. 7–8కి వెళ్లాలంటే సూత్రం ఎందుకు నిజమో కూడా చెప్పాలి. మొదటి చతురస్రానికి 4, ఆ తర్వాత ప్రతి చతురస్రం ఒక పుల్లను పక్కదానితో పంచుకుంటుంది కాబట్టి 3 చాలు అని ఒక పిల్ల తెలుగులో రెండు వాక్యాలు రాసింది. ఆ పిల్ల చేతిరాత బాగోలేదని అప్పట్లో 4 వేసింది ఈవిడ. ఎంవైపీ చెబుతున్న ఒక స్నేహితురాలి చేత అవే పది పనులు విడిగా చూపించింది. ఏడింటిలో ఇద్దరూ ఒకే స్థాయి వేశారు. మూడింటిలో ఈవిడ ఎక్కువ వేసింది, జవాబు సరైనదని, పని శుభ్రంగా ఉందని. ఆ మూడూ ఎందుకు తేడా వచ్చాయో ఒక కాగితం మీద రాసుకుంది.

దీనికి పట్టింది రెండు ఆదివారాలు. ఇప్పుడు సమ్మరీ ఇలా మారింది:

"పదకొండు నుంచి పదహారేళ్ల పిల్లలకు తొమ్మిదేళ్లుగా గణితం బోధిస్తున్నాను: ఐదేళ్లు తెలంగాణ రాష్ట్ర బోర్డు సిలబస్, నాలుగేళ్లు సీబీఎస్ఈ. 2019లో సీబీఎస్ఈకి మారిన ఏడాదే పదో తరగతిలో రెండు స్థాయుల పరీక్ష మొదలవడంతో, పిల్లల తప్పుల పట్టిక తయారు చేసి, ఎవరు ఏ స్థాయి రాయాలో 62 మంది తల్లిదండ్రులతో మాట్లాడాను. రాష్ట్ర సిలబస్‌లో చేయించిన పది పరిశోధన పనులను ఎంవైపీ క్రైటీరియన్ బి ప్రకారం మళ్లీ మూల్యాంకనం చేసి, ఒక ఎంవైపీ టీచరుతో పోల్చి చూసుకున్నాను. ఎంవైపీ తరగతి ఇంకా చెప్పలేదు. యూనిట్ ప్లానర్ రాయడం, గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌తో బోధించడం నేర్చుకుంటున్నాను."

"ఎంవైపీ తరగతి ఇంకా చెప్పలేదు" అన్న వాక్యం రాయడానికి ఆవిడ చాలా తటపటాయించింది. "లేనిది మనమే చెప్పుకుంటే ఎలా సార్?" అంది. రెజ్యూమె కిందికి చదివితే ఎంవైపీ అనుభవం లేదని ఎలాగూ కనిపిస్తుంది. "అవగాహన ఉంది" అని పైన రాసి కింద ఏమీ లేకపోతే చదివేవాడికి అనుమానం వస్తుంది. ఏది లేదో, దానికి ఏం చేస్తున్నారో మీరే చెబితే అనుమానానికి చోటు ఉండదు. ఇక "వందశాతం ఫలితాలు" తీసేశాం. అక్కడ పిల్లల్ని ఎంచుకుని చేర్చుకున్నారా, ఎంతమంది రాశారు అన్నది తెలియకుండా ఆ అంకెకు వాళ్లు విలువ ఇవ్వరు.

ఈ సమ్మరీనే కేంబ్రిడ్జ్ స్కూలుకు పంపకండి. మూడో వాక్యం మారాలి. ఐజీసీఎస్ఈ గణితం, సిలబస్ నంబరు 0580, 2025 పరీక్షల నుంచి ఒక పేపర్ కాలిక్యులేటర్ లేకుండా, ఇంకోటి కాలిక్యులేటర్‌తో రాయాలి. మన టీచర్లు జీవితమంతా కాలిక్యులేటర్ లేకుండానే చెప్పారు. అక్కడ అది బలం, ఆ మాట సూటిగా రాయండి. పాత ప్రశ్నపత్రం ఒకటి మీరు స్వయంగా రాసి, మార్క్ స్కీమ్‌తో దిద్దుకుని, పద్ధతికి వేసే మార్కు ఎక్కడ పోయిందో చూసుకుని ఉంటే, దాన్ని మూడో వాక్యంలో పెట్టండి. చేయకపోతే పెట్టకండి.

తేదీల గురించి ఒక్క మాట. అంతర్జాతీయ స్కూళ్లు పిల్లల రక్షణ కోసం ఉద్యోగాల మధ్య ఖాళీలను విడిగా అడుగుతాయి, పాత ప్రిన్సిపాళ్లకు రాసి తేదీలు సరిచూస్తాయి. సమ్మరీలో తొమ్మిదేళ్లు అని ఉండి, కింద లెక్క ఎనిమిదేళ్ల రెండు నెలలు వస్తే అక్కడే ఆగిపోతుంది. కాన్పుకో, ఇంట్లో పెద్దవాళ్ల జబ్బుకో మానేసి ఉంటే ఆ నెలలు, కారణం కింద ఒక వరుసలో రాయండి. వాళ్లకు అది తప్పు కాదు.

ఆవిడను ఒక స్కూలు ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పిలిచింది. మొదటి ప్రశ్న మూడో వాక్యం మీదే వచ్చింది: "మీ ఇద్దరి మూల్యాంకనంలో తేడా ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది?" ఆవిడ ఆ కాగితం పక్కనే పెట్టుకుంది. చేతిరాత బాగోలేని ఆ పిల్ల రాసిన రెండు వాక్యాలను ముందు తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లీషులో చెప్పి, "ఆరోజు దీనికి నేను నాలుగు వేశాను" అంది. తర్వాత ఇరవై నిమిషాలు వాళ్లు ఆ అగ్గిపుల్లల గురించే మాట్లాడుకున్నారట.