క్లాస్ టీచర్‌కి ఉత్తరంలో ఏం రాయాలి? పిల్లల మలబద్ధకంపై ఫోన్-ఇన్

యాంకర్: పిల్లల మలబద్ధకం గురించి డాక్టర్ గారు మాట్లాడుతున్నారు. లైన్లో ఎవరో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. మూడు నాలుగు రోజులకోసారి గానీ మోషన్ అవదు. అయినప్పుడు గట్టిగా, లావుగా వచ్చి ఒకటే ఏడుపు. డాక్టరు నీళ్లలో కలిపే పొడి మందు రాశారు, ఇస్తున్నాం. స్కూల్లో మాత్రం అస్సలు వెళ్లడండీ. అడిగితే బ్రేక్‌లో వెళ్లమంటారట. బ్రేక్‌లో పిల్లలు తలుపు తడతారని వీడు వెళ్లడు. టీచర్‌కి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఈ మధ్య నిక్కరుకి కూడా కొంచెం కొంచెం అంటుకుంటోంది. విరేచనాలేమో, మందు ఆపేద్దామా అని...

డాక్టర్: ఆపొద్దు. అంటుకునేది పల్చగా ఉంటోందా? తనకి తెలియకుండానే అయిపోతోందా?

కాలర్: అవునండీ. నాకు తెలీలేదమ్మా అంటాడు.

డాక్టర్: నిజమే చెబుతున్నాడు. నొప్పికి భయపడి ఆపుకుంటాడు. ఆపుకున్నకొద్దీ పేగు నీళ్లు పీల్చేసుకుంటుంది, మలం ఇంకా గట్టిపడుతుంది. కింది పేగు సాగిపోయి, వస్తున్న సంగతి సరిగా తెలియదు. ఆ గట్టి ముద్ద పక్కనుంచి పల్చటిది జారి బట్టలకి అంటుతుంది. చూసినవాళ్లకి విరేచనాల్లా కనిపిస్తుంది గానీ అడ్డం లోపల అలాగే ఉంది. మీ డాక్టరుకి ఈ సంగతి చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు. సరే, ఉత్తరంలో ఏం రాశారో చదవండి.

కాలర్: ‘మా బాబుకి ఒంట్లో బాగుండటం లేదు, దయచేసి వాడి మీద కాస్త శ్రద్ధ పెట్టగలరు’ అని...

డాక్టర్: అమ్మా, అది చదివి టీచర్ గారు ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలో రాయండి. కాగితం ఉందా? రాసుకోండి.

‘టీచర్ గారికి నమస్కారం. మా బాబు మలబద్ధకానికి మందు వాడుతున్నాడు. వస్తున్నట్టు అనిపించిన వెంటనే వెళ్లకపోతే సమస్య తిరగబెడుతుంది. అందుకని పాఠం మధ్యలోనైనా వాడిని పంపించండి. నలుగురిలో అడగడానికి సిగ్గుపడతాడు కాబట్టి ఒక కార్డు ఇచ్చాను, అది బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు. మధ్యాహ్న భోజనం అయ్యాక అయిదు పది నిమిషాలు తీరిగ్గా కూర్చోనివ్వండి. బట్టలకి అంటితే అది వాడు కావాలని చేసింది కాదు. బ్యాగులో ఇంకో జత, ఒక కవరు పెట్టాను. డాక్టరు గారి చీటీ జతచేశాను.’

కింద మీ ఫోన్ నంబరు వేయండి.

కాలర్: భోజనం తర్వాతే ఎందుకండీ?

డాక్టర్: కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది. ఆ అరగంటలో కూర్చుంటే తేలిగ్గా వస్తుంది. కాళ్లు వేలాడకూడదు, ఇంట్లో కాళ్ల కింద పీట వేయండి. ఒకటి, ఉత్తరం ఇచ్చే ముందు బాబుకి చదివి వినిపించండి. కార్డు వాడాల్సింది వాడు.

కాలర్: సరేనండీ. మరి మందు... మోషన్ మామూలుగా అవుతుంటే ఆపేయొచ్చా?

డాక్టర్: మళ్లీ అదే అడుగుతున్నారు! ఆపొద్దమ్మా. సాగిన పేగు మామూలు కావడానికి నెలలు పడుతుంది. బాగుందని ఆపితే మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ నొప్పి, మళ్లీ ఆపుకోవడం. తగ్గించడం మీ డాక్టరు చెప్పినప్పుడే, మెల్లమెల్లగా. ఇంకోటి, స్కూల్లో వెళ్లాల్సొస్తుందని పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. సీసా నిండుగా తిరిగొస్తోందేమో చూడండి.

కాలర్: నిండుగానే వస్తోందండీ...

డాక్టర్: చూశారా. అదీ ఉత్తరంలో ఒక ముక్క రాయండి, నీళ్లు తాగమని గుర్తుచేయమని.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాలర్.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ, నేను టీచర్ని. ఒకరిని పంపితే వెనకాలే పదిమంది లేస్తారండీ. నిజంగా అవసరమో కాదో మాకెలా తెలుస్తుంది?

డాక్టర్: మంచి ప్రశ్న అడిగారు. కాళ్లు మెలేసుకుని, బిగుసుకుపోయి, కుర్చీ అంచున కూర్చుంటే పిల్లాడు ఆపుకుంటున్నాడని అర్థం. కానీ మీరు కనిపెట్టే దాకా ఆగనక్కర్లేదు. చీటీ ఉన్న పిల్లాడు కార్డు పెడితే పంపేయండి. కొన్నాళ్లకి మిగతావాళ్లు పట్టించుకోరు.

కాలర్: కానీ పరీక్షలప్పుడు...

డాక్టర్: పరీక్షలప్పుడూ అంతేనండీ. పేగుకి టైంటేబుల్ తెలియదు.

యాంకర్: థాంక్యూ అండీ. ఆఖరి కాల్, త్వరగా చెప్పండి.

కాలర్: మా మనవరాలికి మోషన్‌లో నెత్తురు చుక్కలు కనిపిస్తున్నాయమ్మా.

డాక్టర్: గట్టి మలంతో చర్మం చీరుకుని రావచ్చు పెద్దాయనా, అయినా ఒకసారి చూపించండి. కడుపు ఉబ్బి వాంతులవుతున్నా, బరువు తగ్గుతున్నా, పుట్టిన దగ్గర్నుంచీ ఇలాగే ఉన్నా ఇక ఆలస్యం చేయకండి. మందు వాడుతోందా?

కాలర్: వాడి, తగ్గిందని ఆపేశామమ్మా.

డాక్టర్: అదే చెబుతున్నా ఇందాకటి నుంచీ! రేపే తీసుకెళ్లండి.

యాంకర్: సమయం అయిపోయింది. డాక్టర్ గారికి ధన్యవాదాలు.