Q సరిగ్గా Ksp తో సమానం వచ్చింది, తప్పు ఎక్కడుంది? లెడ్ క్లోరైడ్ లెక్క, ఒక పేజీ రివ్యూ

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క పేజీని రివ్యూ చేద్దాం. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఫోన్‌తో తీసి పంపిన ఫోటో ఇది. పైన అచ్చులో ప్రశ్న ఉంది, దాని కింద పెన్సిల్‌తో తను చేసిన లెక్క ఉంది. ఫోటోతో పాటు ఇలా రాసింది: "సార్, Q విలువ సరిగ్గా Ksp తో సమానం వచ్చింది. ఇప్పుడు అవక్షేపం ఏర్పడుతుందని రాయాలా, ఏర్పడదని రాయాలా?"

చాలా మంచి సందేహం. దీనికి జవాబు చెప్తాను. కానీ ముందు ఆ సమానం అసలు ఎలా వచ్చిందో చూడాలి, ఎందుకంటే ఈ లెక్కలో అది రాకూడదు.

ప్రశ్న చదువుతాను. 0.02 M లెడ్ నైట్రేట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు, 0.04 M సోడియం క్లోరైడ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కలిపారు. లెడ్ క్లోరైడ్ అవక్షేపం ఏర్పడుతుందా? లెడ్ క్లోరైడ్ Ksp విలువ 1.6 × 10⁻⁵.

ఇప్పుడు ఫోటోని దగ్గరగా చూడండి. పుస్తకం కుట్టు దగ్గర పేజీ వంగింది, నీడ పడింది. PbCl అని కనిపిస్తోంది కానీ కింద ఉండాల్సిన చిన్న 2 కనబడటం లేదు. 10 మీద ఉన్న 5 కూడా మసకగా ఉంది, 8 అనుకున్నా అనుకోవచ్చు. ఫోటోలో వచ్చే ప్రశ్నల్లో ఎక్కువగా పోయేవి ఈ చిన్న అంకెలే. ఈ లెక్కలో జవాబును అటూ ఇటూ మార్చేవి కూడా అవే. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు వాటిని ఖాయం చేసుకుందాం.

చిన్న 2 ని తిరిగి పట్టుకోవడం తేలిక. పై వరుసలో లెడ్ నైట్రేట్ Pb(NO3)2 అని స్పష్టంగా ఉంది. నైట్రేట్ మీద ఒక ఋణావేశం, అవి రెండు ఉన్నాయి, కాబట్టి లెడ్ మీద రెండు ధనావేశాలు. క్లోరైడ్ మీద ఒకటే ఋణావేశం. అంటే ఫార్ములా PbCl2 తప్ప ఇంకొకటి కాదు. ఇంకో ఆధారం కూడా ఈ పేజీలోనే ఉంది. Ksp పక్కన ప్రమాణాలు mol³ L⁻³ అని అచ్చయ్యాయి. ఘనం వచ్చిందంటే మూడు గాఢతలు గుణించారని అర్థం. ఒక లెడ్, రెండు క్లోరైడ్. లెక్క సరిపోయింది.

ఇక ఆ ఘాతం 5 అవునా, 8 అవునా? దీన్ని ఊహించకండి. పాఠం చివర ద్రావణీయతా లబ్ధాల పట్టిక ఉంటుంది, అందులో లెడ్ క్లోరైడ్ చూడండి. 1.6 × 10⁻⁵ అనే ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో 1.7 ఉండొచ్చు, ఆ తేడాతో ఈ లెక్కకు ఇబ్బంది లేదు. కానీ 10⁻⁸ అని చదివితే జవాబు పూర్తిగా తిరగబడుతుంది. ఎందుకో ఇంకాసేపట్లో మీకే కనిపిస్తుంది.

సరే, లెక్కలోకి వద్దాం. రెండు ద్రావణాలు కలిపితే నాలుగు రకాల అయాన్లు ఒకే గిన్నెలో ఉంటాయి. సోడియం, నైట్రేట్ కలిసి ఘనంగా మారవు, సోడియం నైట్రేట్ నీళ్లలో బాగా కరుగుతుంది. వాటిని పక్కన పెట్టేయొచ్చు. మిగిలినవి లెడ్, క్లోరైడ్.

100 కి 100 కలిస్తే 200 మిల్లీలీటర్లు. లెడ్ అయాన్ల సంఖ్య మారలేదు కానీ అవి ఉండే చోటు రెండింతలయింది. కాబట్టి గాఢత సగం, 0.01 M. క్లోరైడ్ కూడా అంతే, 0.04 కాస్తా 0.02 M. అయానిక లబ్ధం వేద్దాం.

```
Q = [Pb2+] × [Cl-]^2
Q = 0.01 × (0.02)^2
Q = 4 × 10^-6
```

Ksp 1.6 × 10⁻⁵. దాన్ని 16 × 10⁻⁶ అని రాసుకుంటే పోలిక కళ్లముందే ఉంటుంది. ఒక పక్క 4, ఇంకో పక్క 16. Q చిన్నది. అవక్షేపం ఏర్పడదు.

ఘాతం 8 అని చదివి ఉంటే ఇదే 4 × 10⁻⁶ ని 1.6 × 10⁻⁸ తో పోల్చేవాళ్లం. అప్పుడు Q పెద్దదై అవక్షేపం ఏర్పడుతుందని రాసేవాళ్లం. ఒక్క అంకె మసకబారితే ఇంత తేడా.

ఇప్పుడు ఆ అమ్మాయి రాసిన లెక్క చూద్దాం. మొదటి రెండు వరుసలు చక్కగా ఉన్నాయి. ఘనపరిమాణం కలిపింది, రెండు గాఢతలూ సగం చేసింది. చాలామంది మర్చిపోయే పని ఇదే, తను మర్చిపోలేదు. మూడో వరుసకు రండి.

```
Q = 0.01 × (2 × 0.02)^2 = 1.6 × 10^-5
```

క్లోరైడ్ గాఢతను రెండుతో గుణించి, ఆపైన వర్గం చేసింది. అందుకే Q నాలుగు రెట్లు పెరిగి సరిగ్గా Ksp దగ్గర ఆగింది. ఈ రెండు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. క్లాసులో మనం ముందు చేసే లెక్క వేరు. లెడ్ క్లోరైడ్ ఘనాన్ని మంచినీళ్లలో వేసి, అది ఎంత కరుగుతుందో కనుక్కుంటాం. అక్కడ ద్రావణీయత s అనుకుంటే లెడ్ s, క్లోరైడ్ 2s. Ksp విలువ 4s³ అవుతుంది. ఆ 2s చేతికి అలవాటైపోతుంది.

అక్కడ రెండు ఎందుకు వచ్చింది? కరిగే ప్రతి PbCl2 ప్రమాణం రెండు క్లోరైడ్‌లను వదులుతుంది కాబట్టి. మనకు తెలిసింది s, కావాల్సింది క్లోరైడ్. ఇక్కడ క్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చింది? సోడియం క్లోరైడ్ నుంచి. ఒక NaCl ఒకే క్లోరైడ్ ఇస్తుంది. 0.02 M అనేదే క్లోరైడ్ అసలు గాఢత, దాన్ని మళ్లీ రెండింతలు చేయడానికి కారణమే లేదు. గిన్నెలో ఘన లెడ్ క్లోరైడ్ అసలు లేదు, అది వస్తుందో రాదో అన్నదే మన ప్రశ్న. సమీకరణంలోని 2 కి Q లో ఒకటే పని, ఘాతంగా ఉండటం.

అయితే ఒక జాగ్రత్త. సోడియం క్లోరైడ్ బదులు కాల్షియం క్లోరైడ్, CaCl2 ఇచ్చి ఉంటే? అప్పుడు 0.04 M ద్రావణంలో క్లోరైడ్ 0.08 M. అక్కడ రెండుతో గుణించాల్సిందే. కారణం మాత్రం PbCl2 కాదు, సీసాలో పోసిన CaCl2. రెండుతో గుణించాలా వద్దా అనేది మీరు పోసిన లవణాన్ని చూసి నిర్ణయించండి, ఏర్పడబోయే అవక్షేపాన్ని చూసి కాదు.

ఇప్పుడు ఈ ప్రశ్న గురించి నా అభిప్రాయం చెప్పాలి. అంకెలు ఎంతో ఆలోచించి ఇచ్చిన ప్రశ్న ఇది. గాఢతలు సగం చేయడం మర్చిపోతే Q విలువ 0.02 × (0.04)², అంటే 3.2 × 10⁻⁵ వస్తుంది. అది Ksp కంటే ఎక్కువ, కాబట్టి అవక్షేపం వస్తుందని తప్పు జవాబు రాస్తారు. వర్గం చేయడం మర్చిపోతే 2 × 10⁻⁴, అదీ తప్పు జవాబే. కొన్ని ప్రశ్నల్లో సగం చేయకపోయినా చివరి జవాబు సరిగ్గానే వస్తుంది, పిల్లలకు తమ తప్పు ఎప్పటికీ తెలియదు. ఇందులో అలా తప్పించుకోలేరు. ఒక్క లోటు ఉంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నది ఇవ్వలేదు. లెడ్ క్లోరైడ్ విషయంలో అది ముఖ్యం, చల్లని నీళ్లలో కంటే వేడి నీళ్లలో అది చాలా ఎక్కువగా కరుగుతుంది. ఇచ్చిన Ksp విలువ 25 డిగ్రీల సెల్సియస్‌కి అనుకుని చేస్తున్నాం.

ఇప్పుడు తన అసలు సందేహానికి వస్తాను. నిజంగానే Q, Ksp సమానమైతే? అప్పుడు ద్రావణం సరిగ్గా సంతృప్తమైంది. కరిగి ఉండగలిగినంత కరిగి ఉంది, మిగులు లేదు. అవక్షేపం ఏర్పడదు. ఇంకొంచెం క్లోరైడ్ చేరితే మాత్రం మొదలవుతుంది. ఈ లెక్కలో ఆ హద్దు ఎక్కడుందో కూడా చూడొచ్చు. లెడ్ 0.01 ఉన్నప్పుడు క్లోరైడ్ వర్గం 1.6 × 10⁻³ కావాలి, అంటే క్లోరైడ్ 0.04 M. కలపక ముందు సీసాలో 0.08 M సోడియం క్లోరైడ్ ఉండాలి. తను తెలియకుండా చేసింది ఈ 0.08 M లెక్కనే. అదే 0.1 M తీసుకుంటే, కలిపాక క్లోరైడ్ 0.05, Q విలువ 2.5 × 10⁻⁵, అవక్షేపం వస్తుంది.

నిజంగా టెస్ట్‌ట్యూబ్‌లో చేస్తే కంటికి కనిపించే హద్దు ఇంకాస్త దూరం జరుగుతుంది. Ksp నుంచి లెక్క కడితే లెడ్ క్లోరైడ్ లీటరుకు 4.4 గ్రాములు కరగాలి. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర నిజంగా కరిగేది సుమారు 10 గ్రాములు. కొంత లెడ్ ఒక్క క్లోరైడ్‌తో కలిసి PbCl⁺ గా ద్రావణంలోనే ఉండిపోవడం దీనికి ఒక కారణం. మన సాధారణ లెక్క దాన్ని పట్టించుకోదు. పరీక్షలో ఈ మాట రాయనక్కర్లేదు, కానీ ల్యాబ్‌లో హద్దు దగ్గరి విలువలతో చేసి తెల్లటి పొడి రాలేదని కంగారు పడకండి.

ఇదే లెడ్ క్లోరైడ్ మీకు సాల్ట్ అనాలిసిస్‌లో మళ్లీ ఎదురవుతుంది. ఒకటో గ్రూపులో సజల HCl వేస్తే తెల్లని అవక్షేపం, వేడి నీళ్లలో కరుగుతుంది, చల్లారితే మెరిసే సూదుల్లా మళ్లీ బయటకొస్తుంది. అదే లెడ్ రెండో గ్రూపులో కూడా ఎందుకు కనిపిస్తుందని చాలామంది అడుగుతారు. దానికి జవాబు ఈ పేజీలోనే ఉంది. HCl చేర్చాక ద్రావణంలో క్లోరైడ్ 0.2 M మిగిలిందనుకోండి. 1.6 × 10⁻⁵ ని 0.04 తో భాగిస్తే 4 × 10⁻⁴ M లెడ్ ఇంకా కరిగే ఉంటుంది. వడగట్టినా అది కిందికి దిగిపోతుంది. ఆ తర్వాత H2S పంపితే లెడ్ సల్ఫైడ్‌గా నల్లగా పడుతుంది, ఎందుకంటే దాని Ksp 10⁻²⁸ దరిదాపుల్లో ఉంటుంది. మిగిలిన లెడ్ కూడా పడిపోవాలని గాఢమైన HCl ఎక్కువగా పోయకండి. క్లోరైడ్ బాగా ఎక్కువైతే లెడ్ క్లోరైడ్ సంశ్లిష్ట అయాన్లుగా మారి మళ్లీ కరిగిపోతుంది.

ఆ అమ్మాయికి: నీ పేజీలో మూడో వరుసలో బ్రాకెట్ లోపలి 2 ఒక్కటి కొట్టెయ్ అమ్మా. Q విలువ 4 × 10⁻⁶, అది Ksp కంటే తక్కువ, అవక్షేపం ఏర్పడదు. మిగతా వరుసలు ఉన్నవి ఉన్నట్టే ఉంచు.