మిద్దె మీది యాక్సెస్ పాయింట్‌లోకి నీళ్లు ఎలా చేరతాయి?

నమస్కారం. ఈ వైఫై యాక్సెస్ పాయింట్‌ను తయారీ కంపెనీయే నాకు ఉచితంగా పంపింది, రివ్యూకు డబ్బేమీ తీసుకోలేదు. వేగం, పరిధి వంటి వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి, కడపలోని మా మిద్దె పిట్టగోడకు దీన్ని బిగించాక నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్న భాగాన్నే చూపిస్తాను. అది అడుగున, కేబుల్ లోపలికి వెళ్లే చోట నీరు చొరకుండా బిగించే ఈ కేబుల్ గ్లాండ్.

నా పాత యాక్సెస్ పాయింట్ అట్టపెట్టె మీద కూడా దుమ్ము, నీరు లోపలికి చొరవని చెప్పే ఐపీ67 ముద్ర ఉండేది. ఒక ఏడాది అక్టోబరు వానల్లో దాని లింక్ 1000 ఎంబీపీఎస్ నుంచి 100కు పడిపోయింది. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, 100కు రెండు జతలు చాలు. అంటే ఒక జత అప్పటికే దెబ్బతిందన్నమాట, నేనే గుర్తించలేదు. వారానికి అది పూర్తిగా ఆగిపోయింది. ప్లగ్ ఊడదీసి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. పరికరాన్ని నడిపే పీఓఈ కరెంటు కూడా అదే నెట్‌వర్క్ కేబుల్లో వెళ్తుంది కాబట్టి, తడి తగిలిన పిన్నులు ఇంకా త్వరగా తినేసుకుపోతాయి.

తప్పు రెండు చోట్ల జరిగింది. కేబుల్ పైనుంచి నేరుగా పోర్టులోకి దిగడంతో వాన నీరు దాని వెంటే జారింది. పైగా నేను వాడిన బల్లపరుపు కేబుల్‌ను గ్లాండ్‌లోని గుండ్రటి రబ్బరు గట్టిగా పట్టుకోలేకపోయింది. గ్లాండ్ సరిగా బిగియకపోతే ఆ ఐపీ ముద్రకు విలువ లేదు.

ఈసారి గుండ్రంగా ఉండే, ఎండకు తట్టుకునే నల్లటి అవుట్‌డోర్ కేబుల్ తెచ్చాను. మన ఎండలకు ఇంట్లో వాడే కేబుల్ తొడుగు పెళుసుబారి పగులుతుంది, ఆ పగులులోంచి దిగిన నీరు తొడుగు లోపలే ప్రయాణించి ఇంట్లోని స్విచ్ దాకా వస్తుంది. ఇక్కడ చూడండి, కేబుల్‌ను పోర్టు కంటే జానెడు కిందికి వంపుగా వదిలి, మళ్లీ పైకి తెచ్చాను. నీరు ఆ వంపు అడుగున చుక్కలుగా రాలిపోతుంది. గోడలోని రంధ్రాన్ని కూడా బయటివైపుకు వాలుగా వేయించాను.

ఈ గ్లాండ్ రబ్బరుకు పక్కన చీలిక ఉండడం వల్ల ప్లగ్ కొట్టిన కేబుల్ కూడా ఇందులోకి సులువుగా ఎక్కుతుంది, పాతదానిలో దాని కోసమే ప్లగ్ కత్తిరించాల్సి వచ్చింది. బిగించాక పది నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టి, మూత విప్పి కాగితం రుమాలు పెట్టి చూశాను. అది పొడిగానే ఉంది.

ఒక్క విషయం మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. ప్లగ్ ఊడదీయాలంటే దాని నాలుకను నొక్కడానికి వేలు పట్టనంత ఇరుకుగా ఉంది, నిచ్చెన మీద నిలబడి సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పలు పడ్డాను. అయినా దీన్నే ఉంచుకుంటున్నాను, తోట వైపుకు రెండోది నా డబ్బుతోనే కొంటున్నాను.