ఎపిసోడ్ 31: జేబులో పట్టే తెలుగు

మస్తాన్: నమస్కారం. మన నెల్లూరు రొట్టెల పండక్కి పక్క రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ల కోసం మనం వేస్తున్న కార్డు గురించి ఈ వారం. మొత్తం 12 మాటలు...

సుధ: లామినేషన్ ఊసెత్తకన్నా.

మస్తాన్: ఎత్తన్లే. మొదటిది 'నమస్కారం', అయిపోయింది. రెండోది 'ఎక్కడ'. దానికి 'యాడ' అని పెడితే...

సుధ: మొదలెట్టాడు!

మస్తాన్: స్వర్ణాల చెరువు గట్టు మీద నిలబడి విను, 'ఎక్కడ' అనేవాళ్లు ఎంతమందో.

సుధ: అడిగేది వాళ్లన్నా. 'ఎక్కడ' అంటే అందరికీ తెలుస్తుంది. 'యాడ' వాళ్లకు వినపడే మాట, దాన్ని కార్డు వెనక వేద్దాం. మూడోదానికి రా, 'ఎంత'. ఇంగ్లీషు అక్షరాల్లో టీ ఒక్కటే వేశావేంది?

మస్తాన్: హిందీ వాళ్లు 'త' అనే చదువుతారు గదా.

సుధ: చెన్నై నుంచి వచ్చినాయన 'ఎంట' అంటాడు. మొన్న మా ఇంటికొచ్చిన ఇద్దరి చేతా చదివించా. టీ పక్కన హెచ్ వేస్తే చెన్నై ఆయన సరిగ్గా చదివాడు, పూణే ఆయన 'ఎంథ' అన్నాడు. 'ఎంథ' అంటే పూలమ్మేవాళ్లకు అర్థమవుతుంది. 'ఎంట' అంటే తెల్లమొహమేస్తారు. ఏ స్పెల్లింగైనా ఎవరో ఒకరు తప్పు చదువుతారు. తప్పు చదివినా పనైపోయేదాన్ని మనం ఉంచాలి.

మస్తాన్: బాగుంది. మరి ప్రతి మాటకూ ఆ 'అండి' తగిలించావే? మనూళ్లో 'అన్నా' అంటే చాలదా? గోదావరోళ్ల కార్డులా ఉంది.

సుధ: రొట్టె పట్టుకుని నిలబడ్డ ముసలామెను 'అన్నా' అంటాడా? అన్నా, అక్కా, అమ్మా అనాలంటే ఎదుటి మనిషి వయసు అంచనా కట్టాలి. 'అండి'కి ఆ బాధ లేదు. పైగా ఆటోలో ఒట్టి 'ఆపు' అంటే?

మస్తాన్: దింపేస్తాడు.

సుధ: అందుకే 'ఆపండి'. 'చాలు' కూడా 'చాలండి'. చివరి ఉకారం పోయి కలిసిపోతుంది గదా, కార్డులోనూ కలిపే వేయాలి. విడదీస్తే మధ్యలో ఆగి ఆగి చదువుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో 'చా'కు రెండు ఏలు మర్చిపోవద్దు.

మస్తాన్: మా అమ్మ ఉన్నప్పుడు, చెరువు దగ్గర ఒక పిల్లోడు చెయ్యి చాపి 'రొట్టె ఇవ్వు' అన్నాడు. ఎవరో అట్టా రాసిచ్చుంటారు. నాకు కోపమొచ్చింది. అమ్మేమో రొట్టె వాడి చేతిలో పెట్టి, 'ఇవ్వండి అనాల నాయనా' అంది. వాడు రెండుసార్లు అని చూసుకున్నాడు.

సుధ: ...నాలుగోది అదే పెడదామన్నా. 'ఇవ్వండి'.

మస్తాన్: పెట్టు. ఐదోది 'దర్గా యాడ'...

సుధ: అన్నా!

మస్తాన్: వెనకవైపేలే. అదిగో, కరెంటు పోయింది. రికార్డవుతోందా ఇది?