సెల్లార్‌లో డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్: నా గొడవంతా గది గురించే

నమస్తే అందరికీ. ఈ 500 కేవీఏ క్యాస్ట్ రెసిన్ ట్రాన్స్‌ఫార్మర్ వీడియోకి డీలర్ డబ్బులిచ్చాడు, ముందే చెప్తుండా. కేటలాగ్ మీరు చూసే ఉంటారు, మళ్ళీ చదవను.

నెల్లూరులో ఒక బట్టల షాపు సెల్లార్‌లో పెట్టారు దీన్ని. ఆయిల్ చుక్క లేదు, కాయిల్స్ ఎపాక్సీలో పోతపోసుంటాయి, మంట తీసేస్తే దానంతటదే ఆరిపోద్ది. అదే ఆయిల్‌ది లోపల షార్టయ్యి ట్యాంక్ పగిలిందనుకో, వందల లీటర్లు మండుతా సెల్లారంతా పారతాయి. అందుకే జనం ఉండే బిల్డింగ్ లోపల మినరల్ ఆయిల్‌ది నేను ఒప్పుకోను, అంతే.

నాకు ఒళ్ళు మండేది గదితో. ఫుల్ లోడ్‌లో ఇది ఇంచుమించు 7 కిలోవాట్ల వేడి వదుల్తుంది, కిలోవాట్ వాటర్ హీటర్లు 7 ఒక గదిలో వేసినట్టు. కిలోవాట్‌కి నిమిషానికి 3.5 నుంచి 4 క్యూబిక్ మీటర్ల గాలి కావాల, అంటే 25 పైనే. చల్లగాలి కింద నుంచి రావాల, వేడిది ఎదురు గోడకి పైన నుంచి పోవాల. వీళ్ళేమో వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి బిగించి తలుపేసేశారు! మిషన్ లెక్క 40 డిగ్రీల గాలికి, మన మే నెల ఎండల్లో ఆ గది 50 దాటదా? 50కి పోతే లోడ్ 6, 7 శాతం తగ్గించుకోవాల్సిందే.

ముందున్న టెంపరేచర్ స్కానర్ చూడండి. మూడు ఫేజులూ కలిసి పెరిగితే గాలి చాల్లేదు, లేదా లోడే ఎక్కువైంది. ఒక్క ఫేజే ఎక్కితే ఆ ఫేజు మీద లోడ్ ఎక్కువుంది, లేదా కాయిల్ మధ్య గాలి దారిలో దుమ్ము పట్టింది. బట్టల షాపులో నూలు దుమ్ము గదా, ఏడాదికోసారన్నా పవర్ తీసి ఊదించాల. ట్రిప్ అవుతుందని సెట్టింగ్ పెంచేసే మహానుభావులుండారు, ఆ పని మాత్రం చెయ్యొద్దు.

ఓవర్‌లోడ్ సంగతికొస్తే, నేను ముందు పనిచేసిన రైస్ మిల్లులో ఆయిల్‌ది ఉండేది, సీజన్‌లో సాయంత్రం రెండు గంటలు ఎక్కువ లాగినా పెద్దగా పట్టించుకొనేది కాదు, ఎందుకంటే అంత ఆయిల్ వేడెక్కేలోపు లోడే తగ్గిపోయేది. ఇది అట్టా కాదబ్బా, తొందరగా వేడెక్కుద్ది. 25 శాతం ఎక్కువ లోడేస్తే కాయిల్‌లో పుట్టే వేడి 56 శాతం పెరుగుద్ది మరి. కింద ఫ్యాన్లుంటే ఆ 25 శాతం తట్టుకుంటుంది, పండగ సేల్‌కి చాలు. కాకపోతే ఫ్యాన్లు పనిచేస్తుండాయో లేదో ముందే చూసుకోండి.

రేటు ఆయిల్‌దాని కంటే ఒకటిన్నర నుంచి రెండింతలుంటుంది. బయట ఖాళీ స్థలం ఉంటే నేనైతే ఆయిల్‌దే కొంటా, ఆయిల్‌లోకి తేమ పోకుండా పీల్చుకునే సిలికా జెల్ రంగు చూసుకోవడం, ఆయిల్ టెస్టులు ఓపిగ్గా చేయించుకుంటా. సెల్లార్‌కి మాత్రం ఇదే, గదికి గాలి దారి తెరిపించాకే.

ఇంకోటి, నున్నగా ఉంది గదా అని ఎపాక్సీ మీద చెయ్యి పెట్టొద్దు. అది ఎర్త్ చేసిన ట్యాంక్ కాదు, ఆన్‌లో ఉంటే ప్రాణం పోద్ది. కంచె తలుపు తీస్తే పవర్ ఆపేసే ఇంటర్‌లాక్ పీకేసుంటే ఇవాళే పెట్టించండి.