బిల్లు ముందు, పని వెనక: కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్ట్‌లో రెవెన్యూ లెక్క ఎక్సెల్‌లో

నమస్తే అండి. ఈ వీడియోలో ఒక్క కాంట్రాక్టే తీసుకుందాం. మూడేళ్ల బిల్డింగ్ పని. కస్టమర్‌కి మనం బిల్లు ముందే కొట్టేస్తున్నాం, పని మాత్రం ఆ బిల్లు కంటే వెనక నడుస్తోంది. అలాంటప్పుడు రెవెన్యూ ఎంత చూపించాలి, మిగిలింది ఎక్కడ పెట్టాలి, అదే చూద్దాం. రెవెన్యూకి సంబంధించిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15 ప్రకారం వెళ్దాం.

స్క్రీన్ మీద ఖాళీ షీట్ ఉంది. కాంట్రాక్ట్ ధర 1000. అంకెలన్నీ లక్షల్లో అనుకోండి, కరెన్సీ ఏదైనా లెక్క మారదు. మొదట్లో వేసుకున్న మొత్తం ఖర్చు అంచనా 800. అంటే లాభం 200 రావాలి.

ఇది ఓవర్ టైమ్ కాంట్రాక్టేనా, అంటే పని జరిగేకొద్దీ రెవెన్యూ చూపించేదేనా అని ముందు చూసుకోవాలి. ఇక్కడ బిల్డింగ్ కస్టమర్ స్థలంలోనే లేస్తోంది, లేచినంత మేర కస్టమర్ కంట్రోల్‌లోకి వెళ్తోంది. కాబట్టి ఓవర్ టైమే. దీని మీద ఇక ఆగను.

ఇప్పుడు వరసలు పెట్టేస్తాను. A కాలమ్‌లో పేర్లు, B, C, D కాలమ్స్‌లో మూడు సంవత్సరాలు. రెండో వరసలో కాంట్రాక్ట్ ధర. మూడో వరసలో ఇప్పటిదాకా అయిన ఖర్చు, మొత్తం కలిపి, క్యుములేటివ్. నాలుగో వరసలో ఇంకా కావాల్సిన ఖర్చు. తర్వాతవన్నీ ఫార్ములాలే, చూడండి.

```
B5: =B3+B4
B6: =B3/B5
B7: =B2*B6
B8: =B7
C8: =C7-B7
B10: =MAX(B9-B7,0)
B11: =MAX(B7-B9,0)
```

ఐదో వరస మొత్తం అంచనా, ఆరు పూర్తయిన శాతం, ఏడు ఇప్పటిదాకా రెవెన్యూ, ఎనిమిది ఈ సంవత్సరం రెవెన్యూ. తొమ్మిదో వరసలో ఇప్పటిదాకా కొట్టిన బిల్లులు, అది చేత్తో టైప్ చేస్తాం. పదిలో కాంట్రాక్ట్ లయబిలిటీ, అంటే పని కంటే ఎక్కువ కొట్టిన బిల్లు. పదకొండులో కాంట్రాక్ట్ అసెట్, అంటే బిల్లు కంటే ఎక్కువ జరిగిన పని. ఈ రెండిట్లో ఏదో ఒకటే వస్తుంది, ఒకే కాంట్రాక్ట్‌కి రెండూ రావు. C8 ఒక్కటీ విడిగా కొట్టి, C8, D8 సెలెక్ట్ చేసి Ctrl+R కొట్టండి. తర్వాత ఐదు నుంచి ఏడు వరసల్ని ఒకసారి, పది, పదకొండు వరసల్ని ఇంకోసారి B నుంచి D వరకు సెలెక్ట్ చేసి Ctrl+R కొట్టేస్తే కుడివైపు నిండిపోతాయి. మౌస్‌తో లాగడం కంటే నాకు ఇదే ఇష్టం, లాగేటప్పుడు చెయ్యి జారి పక్క కాలమ్‌లోకి పోతుంది. ఇంకొకటి, ఆరో వరసలో శాతాన్ని ROUND చెయ్యొద్దు. చూపించడానికి ఫార్మాట్ మార్చుకోండి, విలువ మాత్రం అలాగే ఉండనివ్వండి.

సరే, మొదటి సంవత్సరం. ఖర్చు 240. ఇంకా కావాల్సింది 560. మొత్తం 800. శాతం 30. రెవెన్యూ 300. లాభం 60. బిల్లు ఎంత కొట్టాం? 400. పదో వరస చూడండి, 100 వచ్చింది. అదే కాంట్రాక్ట్ లయబిలిటీ. కస్టమర్‌కి మనం ఇంకా 100 లక్షల పని బాకీ ఉన్నాం. కొందరు దీన్ని ఓవర్‌బిల్లింగ్ అంటారు, విషయం అదే.

బిల్లు 400 కాబట్టి రెవెన్యూ 400 అని రాస్తే ఏమవుతుంది? లాభం 60 కాస్తా 160 అయిపోతుంది. చెయ్యని పని మీద లాభం. రెవెన్యూని నిర్ణయించేది పనే. బిల్లు నిర్ణయించేదల్లా తేడా బ్యాలెన్స్ షీట్‌లో ఏ వైపు కూర్చుంటుందన్నదే.

ఎంట్రీలు గబగబా చూపిస్తాను. బిల్లు కొట్టినప్పుడు రిసీవబుల్ డెబిట్ 400, కాంట్రాక్ట్ లయబిలిటీ క్రెడిట్ 400. సంవత్సరం చివర కాంట్రాక్ట్ లయబిలిటీ డెబిట్ 300, రెవెన్యూ క్రెడిట్ 300. డబ్బు 350 వచ్చింది, బ్యాంక్ డెబిట్, రిసీవబుల్ క్రెడిట్. మిగిలింది చూడండి, లయబిలిటీలో 100, రిసీవబుల్‌లో 50. ఖర్చుల ఎంట్రీ మామూలే.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ మిగిలిన 50 సంవత్సరం ఆఖరి రోజు కొట్టిన బిల్లు అనుకోండి. గడువు వచ్చే నెల. ఆ డబ్బు మీద మనకు షరతులు లేని హక్కు ఉందా? అంటే గడువు రావడం తప్ప ఇంకేమీ అడ్డం లేదా? అలాంటి హక్కు ఉంటే 50 రిసీవబుల్‌గా చూపించొచ్చు. అలా కాకుండా, గడువు లోపు కస్టమర్ కాంట్రాక్ట్ రద్దు చేసుకుంటే ఆ 50 మనం అడగలేం అనుకోండి, దానికి తగ్గ పని కూడా ఇంకా జరగలేదు కదా. అప్పుడు బిల్లు పంపినంత మాత్రాన ఎంట్రీ పెట్టకూడదు. రిసీవబుల్ ఉండదు, లయబిలిటీ 50 మాత్రమే. ఎంట్రీ పెట్టేస్తే లాభం మీద ప్రభావం లేదు, కానీ బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా 50 ఊరికే ఉబ్బిపోతుంది. అందుకే తొమ్మిదో వరసలోకి బిల్లింగ్ రిజిస్టర్ మొత్తం తెచ్చి పడేయకండి. ఒకసారి కాంట్రాక్ట్‌లో పేమెంట్ నిబంధన, రద్దు నిబంధన చదివి, హక్కు ఏర్పడిన బిల్లులే పెట్టండి. మన కాంట్రాక్ట్‌లో రద్దు వీల్లేదు, కాబట్టి 400 అలాగే ఉంచుతున్నాను.

రెండో సంవత్సరం. వీడియోలో అసలు చూడాల్సింది ఇదే, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

ఈ ఏడాది ఖర్చు 355. మొదటి ఏడాది 240 కలిపితే 595. C3లో 595 పెట్టాను. ఇప్పుడు C4, ఇంకా కావాల్సిన ఖర్చు. చాలామంది ఇక్కడ ఏం చేస్తారంటే, పాత అంచనా 800లోంచి 595 తీసేసి 205 పెట్టేస్తారు. నేనూ పెడతాను, ఏం జరుగుతుందో చూద్దాం.

శాతం 74.375. ఇప్పటిదాకా రెవెన్యూ 743.75. ఈ ఏడాది రెవెన్యూ 443.75. ఖర్చు 355 తీసేస్తే లాభం 88.75. ఇప్పటిదాకా బిల్లులు 750. లయబిలిటీ ఎంత? 6.25. పోయిన ఏడాది 100 ఉన్నది 6.25కి వచ్చింది. చూడ్డానికి ఎంత బాగుందో! పని బిల్లుని దాదాపు అందుకుంది అనిపిస్తుంది.

ఇప్పుడు సైట్‌లో ఇంజనీర్‌ని అడిగాం. మిగిలిన పని పూర్తి చెయ్యాలంటే 205 చాలదు, 255 అవుతుంది అన్నారు. స్టీల్ పెరిగింది, ఫినిషింగ్‌లో కొంత పని మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. C4లో 255 కొడుతున్నాను. చూస్తూ ఉండండి.

మొత్తం అంచనా 850. శాతం సరిగ్గా 70. ఇప్పటిదాకా రెవెన్యూ 700. ఈ ఏడాది రెవెన్యూ 400, లాభం 45. లయబిలిటీ 50.

ఒక్క సెల్ మార్చాం అంతే. లాభం 88.75 నుంచి 45కి పడింది, దాదాపు సగం. లయబిలిటీ 6.25 కాస్తా 50 అయింది. పని బిల్లుని అందుకోలేదు, ఇంకా 50 వెనకే ఉంది. పాత అంచనా వల్ల జరిగింది ఇదీ: ఖర్చు పెరిగిన సంగతి శాతంలోకి రాలేదు, పైగా ఆ పెరిగిన ఖర్చునే పని జరిగినట్టు లెక్కేసింది. డబ్బు ఎక్కువ ఖర్చయితే పని ఎక్కువ జరిగినట్టు కనబడటం, అయిన ఖర్చుని మొత్తం అంచనాతో భాగించి శాతం కట్టే ఈ కాస్ట్ టు కాస్ట్ పద్ధతిలో ఉన్న బలహీనత అదే. అందుకే నేను మొత్తం అంచనాని టైప్ చేసే సెల్‌గా పెట్టలేదు, గమనించారా? ఇంకా కావాల్సిన ఖర్చు టైప్ చేస్తాం, మొత్తం దానంతట అదే వస్తుంది. మొత్తం టైప్ చేసే సెల్ ఉంటే పాత అంకె అక్కడే ఉండిపోతుంది, ఎవరూ ముట్టుకోరు. "ఇంకా ఎంత కావాలి" అని ఉంటే ప్రతిసారీ సైట్‌ని అడగక తప్పదు.

తప్పుగా వదిలేస్తే మూడో ఏడాది ఏమయ్యేదో కూడా చూపిస్తాను. చివరికి మొత్తం ఖర్చు 850, రెవెన్యూ 1000. మూడో ఏడాదికి మిగిలే రెవెన్యూ 256.25, ఖర్చు 255. లాభం 1.25. ఏడాదంతా పని చేసి 1.25! లాభం అలా ఒక్కసారిగా అడుగంటితే వెనక్కి వెళ్లి పోయిన ఏడాది అంచనా చూడండి, చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. Ctrl+Z కొట్టి 255కి వచ్చేస్తున్నాను.

మొదటి ఏడాది చూపించిన 300ని వెనక్కి వెళ్లి మార్చాలా అని అడుగుతారు. మార్చక్కర్లేదు. అప్పుడున్న సమాచారంతో సరిగ్గా వేసిన అంచనా అయితే, మార్పు మొత్తం ఈ ఏడాదిలోనే పడుతుంది. అందుకే C8లో ఇప్పటిదాకా రెవెన్యూలోంచి పోయినసారిది తీసేస్తున్నాం. ఒకవేళ మొత్తం ఖర్చు 1000 దాటిందనుకోండి, అప్పుడు వచ్చే నష్టమంతా, మిగిలిన పనిది కూడా, వెంటనే చూపించాలి. ఈ షీట్ ఆ పని చెయ్యదు, దానికి ఇంకో వరస కావాలి.

ఖర్చు గురించే ఇంకో జాగ్రత్త. లిఫ్ట్ లాంటి ఖరీదైన పరికరాన్ని బయట కొని సైట్‌లో దింపారు, ఇంకా బిగించలేదు. దాని కంట్రోల్ కస్టమర్‌కి వెళ్లిపోయినా, ఆ ఖర్చుని మూడో వరసలో వేస్తే శాతం ఒక్కసారిగా ఎగురుతుంది, లయబిలిటీ మాయమైపోతుంది, పని మాత్రం అక్కడే ఉంటుంది. అలాంటి పరికరం ఖర్చుని అయిన ఖర్చులోంచీ మొత్తం అంచనాలోంచీ తీసేసి శాతం కట్టాలి, ఆ శాతాన్ని పరికరం ఖర్చు తీసేసిన ధర మీదే వెయ్యాలి, పరికరం మీద మాత్రం ఖర్చుకి సమానంగా రెవెన్యూ చూపించాలి, లాభం లేకుండా.

మూడో ఏడాది త్వరగా అయిపోతుంది. D3లో 850, D4లో సున్నా, బిల్లులు 1000. శాతం 100, రెవెన్యూ 300, లాభం 45. లయబిలిటీ సున్నా. మూడేళ్ల లాభాలు కలపండి: 60, 45, 45. మొత్తం 150. 1000లోంచి 850 పోతే 150. సరిపోయింది.

చివరగా కింద ఈ చిన్న పట్టిక చూడండి, ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్స్ నోట్స్‌కి ఇది కావాలి. రెండో ఏడాది మొదట్లో లయబిలిటీ 100. కొత్త బిల్లులు 350 కలిశాయి. రెవెన్యూగా 400 పోయింది. మిగిలింది 50, పదో వరసతో సరిపోయింది. ఆ 400లో పాత బ్యాలెన్స్‌లోంచి వచ్చింది 100, ఈ అంకెని విడిగా వెల్లడించాలి. మీ దగ్గర ఇంకో కాంట్రాక్ట్ ఉండి, అందులో పని ముందు, బిల్లు వెనక ఉంటే అక్కడ కాంట్రాక్ట్ అసెట్ వస్తుంది. దాన్ని తెచ్చి ఈ 50తో కొట్టేయకండి, వేర్వేరు కస్టమర్లతో ఉన్న కాంట్రాక్టులు దేనికదే. ఒక్కో కాంట్రాక్ట్‌కి ఒక్కో షీట్ పెట్టి, పదో వరసలన్నీ ఒక చోట, పదకొండో వరసలన్నీ ఇంకో చోట కూడండి.